రౌడీషీటు తెరిచే ముందు బెకారియానూ లోంబ్రోజోనూ పక్కపక్కన పెట్టి చదవమని కోరుతూ బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల శాసనసభ్యులకు, పోలీసు శిక్షణ బాధ్యతలు చూస్తున్న పెద్దలకు,

నమస్కారం. ఒక మనిషి పేరు మీద స్టేషన్‌లో రౌడీషీటు తెరవడానికి, దాన్ని కొనసాగించడానికి, మూసివేయడానికి శాసనసభ చేసిన స్పష్టమైన చట్టం ఉండాలని కోరుతూ నేను గతంలో ఇచ్చిన వినతిపత్రానికి, అందినట్టు రసీదు తప్ప మరే సమాధానమూ రాలేదు. అందుకే అదే విషయాన్ని ఇప్పుడు అందరి ముందూ ఉంచుతున్నాను. ఏళ్ల తరబడి న్యాయ విద్యార్థులకు నేరశాస్త్రం బోధించినవాడిగా నా వాదన ఒక్కటే. మన శిక్షాస్మృతి మనిషి చేసిన పనిని చూసి శిక్షిస్తుంది. మన స్టేషన్ రికార్డు మాత్రం మనిషి ఎలాంటివాడో ముందుగానే తేల్చి, అతను రేపు చేయబోయే పనికి ఈరోజే కాపలా పెడుతుంది. ఈ రెండు పద్ధతుల వెనుక యూరప్‌లో పుట్టిన రెండు వేర్వేరు ఆలోచనా సంప్రదాయాలున్నాయి. వాటి మధ్య తేడా తెలిస్తేనే, ఎక్కడ హద్దు దాటుతున్నామో తెలుస్తుంది.

మొదటిది క్లాసికల్ సంప్రదాయం. 1764లో ఇటలీలోని లివోర్నో నుంచి నేరాలను, శిక్షలను గురించిన ఒక చిన్న పుస్తకం రచయిత పేరు లేకుండా వెలువడింది. రాసింది మిలాన్‌కు చెందిన చెజారె బెకారియా; అప్పటికి ఆయన వయసు ఇరవై ఆరేళ్లు. ఆ కాలంలో నిందితుడి చేత నేరం ఒప్పించడానికి చిత్రహింస చట్టబద్ధమైన మార్గం. శిక్ష ఎంత పడుతుందన్నది న్యాయమూర్తి ఇష్టాన్ని బట్టి, నిందితుడి హోదాను బట్టి మారిపోయేది. బెకారియా దానికి ఎదురుగా పెట్టిన వాదన సూటిగా ఉంటుంది. మనిషి తన లాభనష్టాలను బేరీజు వేసుకుని ఎంచుకోగల జీవి. కాబట్టి నేరం వల్ల వచ్చే లాభం కంటే శిక్ష వల్ల కలిగే నష్టం కొద్దిగా ఎక్కువగా ఉంటే చాలు. అంతకు మించిన శిక్ష అంతా అనవసరమైన క్రూరత్వమే. శిక్ష ఎంత భయంకరమైనదన్న దానికంటే, అది తప్పకుండా పడుతుందన్న నమ్మకం, నేరం జరిగిన వెంటనే పడుతుందన్న నమ్మకం మనిషిని ఎక్కువగా ఆపుతాయి. అన్నిటికంటే ముఖ్యంగా, నేరాన్ని కొలవవలసింది అది సమాజానికి చేసిన హానితో. చేసినవాడి మనసులో ఏముంది, అతని పుట్టుక ఏమిటి, అతను ఎంత పాపాత్ముడు అన్నవి కొలమానాలు కావు.

ఈ చివరి మాటను పాలకులు తరచుగా మర్చిపోతారు. స్వేచ్ఛా సంకల్పం అనే సిద్ధాంతం తాత్విక చర్చగా మనకు కనిపించవచ్చు గానీ, దాని అసలు ఉపయోగం రాజ్యాన్ని కట్టడి చేయడం. చట్టంలో ముందుగా రాసి లేని పనికి శిక్ష లేదు. నువ్వు ఎంచుకుని చేసిన పనికి తప్ప మరి దేనికీ నిన్ను అడిగే అధికారం రాజ్యానికి లేదు. మెకాలే అధ్యక్షతన 1837లో ముసాయిదాగా తయారై, 1860లో చట్టమై, 1862 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన భారత శిక్షాస్మృతి ఈ దారిలో నడిచినదే. దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహిత కూడా పునాదిలో అదే.

ఈ సంప్రదాయానికి లోపం లేకపోలేదు. దాన్ని తుచ తప్పకుండా పాటించాలనుకున్న ఫ్రెంచి వారు 1791 శిక్షాస్మృతిలో చాలా నేరాలకు ఇంతే శిక్ష అని స్థిరంగా నిర్ణయించారు. ఆకలికి తట్టుకోలేక దొంగిలించినవాడికీ దొంగతనమే వృత్తిగా బతికేవాడికీ మధ్య తేడా చూపే వెసులుబాటు న్యాయమూర్తికి మిగలలేదు. అందుకే 1810లో కనిష్ఠ, గరిష్ఠ శిక్షల మధ్య ఎంచుకునే అవకాశం ఇచ్చారు. 1832లో శిక్షను తగ్గించే పరిస్థితులను గుర్తించే అధికారాన్ని జ్యూరీలకు విస్తరించారు. మతిస్థిమితం లేనివారికి, చిన్న పిల్లలకు మన చట్టం ఇచ్చే మినహాయింపులు కూడా ఇలాంటి సవరణ దృష్టి నుంచే వచ్చాయి. ఎంచుకునే శక్తి లేనివాడిని ఎంచుకున్నందుకు శిక్షించలేమన్నది వాటి సారం.

రెండవది పాజిటివిస్టు సంప్రదాయం. ఇదీ ఇటలీదే. జైలు వైద్యంలోనూ మానసిక వైద్యంలోనూ పనిచేసిన చెజారె లోంబ్రోజో, విల్లెల్లా అనే ఖైదీ మరణించాక అతని కపాలాన్ని పరీక్షించి, వెనుక భాగంలో ఒక అసాధారణమైన గుంటను గమనించాడు. పరిణామ క్రమంలో వెనకబడిపోయిన లక్షణానికి అది గుర్తు అని భావించి, 1876లో వెలువరించిన గ్రంథంలో నేరస్థులలో ఒక భాగం పుట్టుకతోనే నేరస్థులని, దవడలు, చెవులు, నుదురు వంటి శరీర లక్షణాలను బట్టి వారిని గుర్తించవచ్చని వాదించాడు. తరువాతి ముద్రణల్లో ఆయనే ఆ భాగాన్ని సుమారు మూడో వంతుకు తగ్గించి, పేదరికం, మద్యం, వాతావరణం వంటి కారణాలకు చోటు పెంచాడు. ఆయన శిష్యుడు ఎన్రికో ఫెర్రి స్వేచ్ఛా సంకల్పాన్నే పూర్తిగా తిరస్కరించాడు. నేరం అనేది శరీర, భౌతిక, సామాజిక కారణాల ఫలితమైనప్పుడు 'నువ్వు ఎంచుకున్నావు కాబట్టి శిక్ష' అనడంలో అర్థం లేదని, ఈ మనిషి వల్ల సమాజానికి ఎంత ప్రమాదం ఉందో చూసి దానికి తగిన చర్య తీసుకోవాలని ఆయన అన్నాడు. న్యాయమూర్తిగా పనిచేసిన రఫాయెలె గరోఫాలో కూడా శిక్షకు కొలమానం నేరస్థుడి ప్రమాదకరతే కావాలన్నాడు.

ఒకే కేసును రెండు కళ్లద్దాలతో చూస్తే తేడా తేటపడుతుంది. పందొమ్మిదేళ్ల కుర్రవాడు బస్టాండులో నాలుగు వేల రూపాయల సెల్‌ఫోన్ దొంగిలించి పట్టుబడ్డాడనుకుందాం. బెకారియా శిష్యుడు వేసే ప్రశ్నలు రెండే: ఏం చేశాడు, దానికి చట్టం ఏం చెప్పింది? దొంగతనానికి మన న్యాయ సంహితలో మూడేళ్ల దాకా జైలు ఉంది. సొత్తు విలువ ఐదు వేల లోపు ఉండి, మొదటిసారి దోషిగా తేలి, సొత్తు తిరిగి ఇస్తే సామాజిక సేవతో సరిపెట్టాలి. ఫెర్రి శిష్యుడు వేసే ప్రశ్నలు వేరు: ఎక్కడ పెరిగాడు, ఎవరితో తిరుగుతున్నాడు, పని దొరికే దారి ఉందా, మళ్లీ చేస్తాడా? చేయడనుకుంటే వెంటనే వదిలేయవచ్చు. చేస్తాడనుకుంటే, చేయడని నమ్మకం కుదిరేదాకా ఉంచవచ్చు. మొదటి పద్ధతిలో ఆ కుర్రవాడికి తన శిక్ష ఎప్పుడు ముగుస్తుందో తెలుస్తుంది. రెండవ పద్ధతిలో అది అతని గురించి ఇంకొకరికి కలిగే అభిప్రాయం మీద ఆధారపడుతుంది.

పాజిటివిస్టులు అడిగిన ప్రశ్నలు తప్పని నేను అనను. అవి అడగకుండా ఏ సంస్కరణా సాధ్యం కాదు. నేరాన్ని తగ్గించడానికి జైళ్ల కంటే సామాజిక చర్యలే మేలని ఫెర్రి గట్టిగా చెప్పాడు. మనకున్న 1958 నాటి ప్రొబేషన్ చట్టం, ఇరవై ఒక్క ఏళ్ల లోపు దోషిని జైలుకు పంపే ముందు ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించుకుని చూడాలని కోర్టును ఆదేశించే నిబంధన, ఈ చూపు ఇచ్చిన మంచి ఫలాలే. పై ఉదాహరణలోని కుర్రవాడికి నిజంగా మేలు చేయగలిగేది ఆ నివేదికే. నా అభ్యంతరం మరో చోట ఉంది. మనిషి గురించిన ఈ అంచనాను శిక్ష తగ్గించడానికి కాకుండా, శిక్ష పడని మనిషి మీద కట్టడి పెట్టడానికి వాడినప్పుడు, దాన్ని ఆపే గోడ ఏదీ పాజిటివిస్టు సిద్ధాంతం లోపల లేదు.

ఇటలీ చరిత్ర దీనికి సాక్ష్యం. శిక్షను తీసివేసి దాని స్థానంలో ప్రమాదకరతను బట్టి చర్యలు పెట్టాలన్న ఫెర్రి 1921 ముసాయిదా చట్టం కాలేదు. అయితే 1930లో ఫాసిస్టు ప్రభుత్వం తెచ్చిన రొక్కో శిక్షాస్మృతి రెండు పట్టాలు వేసింది: చేసిన పనికి శిక్ష, సామాజికంగా ప్రమాదకరుడని తేలితే దానికి తోడు భద్రతా చర్య. ఆ భద్రతా చర్యకు ముగింపు తేదీ లేదు. ప్రమాదం తొలగలేదని భావించినంత కాలం పొడిగిస్తూ పోవచ్చు. చిన్న నేరానికి న్యాయ మానసిక వైద్యశాలకు చేరినవారు, ఆ నేరానికి పడే గరిష్ఠ శిక్షను మించి ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయారు. చివరికి 2014లో చేసిన చట్టం ద్వారా, నిర్బంధంతో కూడిన భద్రతా చర్య ఆ నేరానికి చట్టం చెప్పిన గరిష్ఠ జైలు కాలాన్ని మించరాదని ఇటలీ హద్దు గీసుకుంది. లోంబ్రోజో పుట్టిన దేశం తిరిగి బెకారియా కొలబద్దను చేతిలోకి తీసుకోవడానికి ఎనభై ఏళ్లకు పైగా పట్టింది.

మన నేల మీద ఇదే ఆలోచన ఇంకా ముందే, ఇంకా కఠినంగా అమలైంది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం లోంబ్రోజో గ్రంథం కంటే ఐదేళ్లు ముందుది కాబట్టి, దాన్ని ఆయన ఖాతాలో వేయడం సరికాదు. వృత్తి కులాన్ని బట్టి వస్తుందన్న వలస పాలకుల నమ్మకం దానికి మూలం. కానీ తర్కం ఒకటే: నేరం మనిషి ఎంపిక కాదు, వారసత్వం. 1911 చట్టంతో ఇది మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించింది. ఆ తరువాతే ఎరుకల వారి కోసం, నేటి బాపట్ల జిల్లాలో, సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో స్టువర్టుపురం సెటిల్‌మెంటు వెలిసింది. అక్కడి మనిషి ఏ నేరమూ చేయకపోయినా హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి చీటీ తీసుకోవాలి. తెగను నేరస్థ తెగగా ప్రకటించడాన్ని ఏ కోర్టులోనూ ప్రశ్నించే వీలు లేదు. షెడ్యూలులో చేర్చిన నేరాల్లో రెండోసారి దోషిగా తేలితే, ప్రత్యేక కారణాలు లేకపోతే, ఏడేళ్లకు తగ్గని జైలు. మూడోసారి తేలితే యావజ్జీవ ద్వీపాంతరవాసం. అదే పని పక్క ఊరి మనిషి చేస్తే అతనికి మామూలు శిక్షాస్మృతి వర్తించేది. 1952లో దేశమంతటా ఆ చట్టం రద్దయినా, దాని స్థానంలో అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. మన దగ్గర అది 1962 నాటి చట్టం. తెగ అన్న మాట పోయి 'అలవాటు' అన్న మాట వచ్చింది. స్టువర్టుపురం పేరు చెబితే ఇప్పటికీ ఎదుటివారి ముఖం మారడం, అద్దె ఇల్లు దొరకకపోవడం ఆ ఊరి పిల్లలు మోస్తున్న బరువు.

ఇప్పుడు మన స్టేషన్లకు వస్తాను. రౌడీషీటు ఎవరి మీద తెరవవచ్చో చెప్పేది పోలీసు మాన్యువల్‌లోని 601వ స్టాండింగ్ ఆర్డరు. అది శాసనసభ చేసిన చట్టం కాదు, శాఖాపరమైన ఆదేశం. అందులోనూ కీలకమైన మాట అలవాటుగా నేరాలు చేసేవారు అన్నదే. 1986 నాటి ముందస్తు నిర్బంధ చట్టం, మన జనం పీడీ యాక్టు అని పిలిచేది, గూండా అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం కూడా అలవాటు చుట్టూనే తిరుగుతుంది. దాని కింద విచారణ లేకుండా ఏడాది దాకా జైల్లో ఉంచవచ్చు. ఈ చట్టాన్ని తెలంగాణలో వాడుతున్న తీరును సుప్రీంకోర్టు 2022లోనూ, 2023లో అమీనా బేగం కేసులోనూ తీవ్రంగా తప్పుబట్టింది. మామూలు శాంతిభద్రతల సమస్యను మామూలు చట్టంతో ఎదుర్కోవాలని చెప్పింది.

అలవాటును చూడనే కూడదా అని మీరు అడగవచ్చు. చూడవచ్చు, లెక్క ఉన్నప్పుడు. దొంగతనానికి రెండోసారి దోషిగా తేలినవాడికి న్యాయ సంహిత ఏడాదికి తగ్గకుండా ఐదేళ్ల దాకా కఠిన శిక్ష చెబుతోంది. అది కూడా గతాన్ని లెక్కలోకి తీసుకోవడమే. కానీ అది కోర్టు తేల్చిన గతం, పై కోర్టులో ప్రశ్నించగల గతం. షీటులో మాత్రం కేసు పెట్టడమే గతం అయిపోతుంది, ఆ కేసు తరువాత కొట్టివేసినా సరే.

ఈ అంచనాలు శాస్త్రీయమైనవని, అనుభవజ్ఞుడైన అధికారి కంటికి నేరస్థుడు తెలుస్తాడని అనేవారికి రెండు విషయాలు మనవి చేస్తాను. మొదటిది, లోంబ్రోజో సిద్ధాంతం ఎలా పడిపోయిందన్నది. ఆయన ఎక్కువగా జైళ్లలో ఉన్నవారిని కొలిచాడు; బయట ఉన్న మామూలు జనాన్ని అంతే జాగ్రత్తగా కొలిచి పోల్చలేదు. ఇంగ్లండులో జైలు వైద్యుడు చార్లెస్ గోరింగ్ సుమారు మూడు వేల మంది ఖైదీల కొలతలను విద్యార్థులు, సైనికులు వంటి ఇతరుల కొలతలతో పోల్చి, ప్రత్యేకమైన నేరస్థ శరీరం అంటూ ఏదీ లేదని 1913లో చూపాడు. స్టేషన్ రికార్డుదీ అదే లోపం. ఎవరి ఇంటి మీద నిఘా ఎక్కువగా ఉంటుందో వారి చిన్న తప్పులే ఎక్కువగా నమోదవుతాయి, ఆ నమోదే నిఘా కొనసాగడానికి కారణంగా చూపబడుతుంది.

రెండవది లెక్క. వెయ్యి మందిలో యాభై మంది నిజంగా మళ్లీ నేరం చేస్తారని, మన అంచనా పద్ధతి ఇరువైపులా నూటికి ఎనభై పాళ్లు సరిగ్గా చెబుతుందని ఉదాహరణకు అనుకుందాం. అంత మంచి పద్ధతి ఉన్నా, ఆ యాభై మందిలో నలభై మందిని అది పట్టుకుంటుంది. మిగిలిన తొమ్మిది వందల యాభై మందిలో నూటికి ఇరవై చొప్పున నూట తొంభై మందిని తప్పుగా ప్రమాదకరులంటుంది. అంటే ముద్ర పడిన రెండు వందల ముప్పై మందిలో నూట తొంభై మంది ఏ నేరమూ చేయబోనివారు. అరుదుగా జరిగేదాన్ని ముందుగా చెప్పబోయే ఏ పద్ధతికైనా ఈ చిక్కు తప్పదు. కోర్టులో ఒక నిర్దోషికి శిక్ష పడితే అప్పీలులో బయటపడవచ్చు. ఈ నూట తొంభై మంది మాత్రం తాము చేయబోమని ఎప్పటికీ రుజువు చేసుకోలేరు, ఎందుకంటే చేయకపోవడాన్ని నిఘా ఫలించడంగా లెక్కిస్తారు.

ఇక సామాన్యుల మీద పడే భారం. ఎన్నికలు వచ్చినా, వినాయక నిమజ్జనం వచ్చినా షీటు ఉన్నవాడికి స్టేషన్ నుంచి పిలుపు వస్తుంది, బైండోవర్ చేస్తారు. దినకూలీకి అది ఆ రోజు కూలి పోవడం, పూచీకత్తు ఇచ్చేవాడి కోసం తిరగడం. పాస్‌పోర్టు విచారణ, సెక్యూరిటీ గార్డు ఉద్యోగం, చెల్లెలి పెళ్లి సంబంధం, ఒక్కొక్కటీ ఆ షీటు దగ్గర ఆగుతుంది. కౌన్సెలింగ్ పేరుతో వరసగా నిలబెట్టి తీసిన ఫొటోలు పత్రికల్లో వస్తే, ఆ ఇంటి పిల్లలు మరునాడు బడికి ఎలా వెళ్లాలో ఆలోచించండి.

ఒక విషయం నిజాయితీగా చెప్పాలి. నిఘా రిజిస్టరులో పేరు ఎక్కించే ముందు ఆ మనిషి వాదన వినాల్సిన అవసరం లేదని 1980లో మలక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టే అంది. అయితే నిఘా రహస్యంగా, మనిషి గౌరవానికి భంగం కలగకుండా సాగాలన్న షరతు కూడా అదే తీర్పులో ఉంది. మనిషి పాత నేరాల చిట్టా అయిన హిస్టరీషీటు పోలీసుల అంతర్గత పత్రమని, బయటపెట్టేది కాదని, మైనర్ల వివరాలు అందులో ఉండరాదని, ఉన్నతాధికారి తరచూ తనిఖీ చేయాలని సుప్రీంకోర్టు 2024 మే 7న ఢిల్లీ కేసులో చెప్పి, ఇతర రాష్ట్రాలనూ ఆ దారిలో ఆలోచించమంది. ముద్ర బహిరంగమైనచోట, వాదన వినక్కర్లేదన్న మినహాయింపుకు ఆధారమే పోతుంది. ఈ కారణాల వల్ల నేను కోరుతున్నవి ఇవి:

1. రౌడీషీటు, అనుమానితుల షీటు, హిస్టరీషీటులకు శాసనసభ చట్టం చేయాలి. 'అలవాటు' అన్న మాటకు, నిర్ణీత కాలంలో కోర్టు దోషిగా తేల్చిన ఇన్ని కేసులు అన్న నిర్వచనం ఇవ్వాలి. కేవలం ఎఫ్ఐఆర్ ఉండటం, కొట్టివేసిన కేసు ఉండటం అందులోకి రాకూడదు. జైళ్లలో అలవాటు నేరస్థుడు అన్న మాట చట్టంలోని నిర్వచనాన్ని దాటరాదని 2024 అక్టోబరు 3న, జైళ్లలో కుల వివక్షపై తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. జైలు గోడ లోపల ఉన్నవాడికి దక్కిన ఆ రక్షణ బయట ఉన్నవాడికీ దక్కాలి.

2. షీటు వల్ల స్టేషన్‌లో హాజరు, బైండోవర్, బహిరంగ కౌన్సెలింగ్ వంటి ఏ కట్టడి పెట్టినా, దానికి ముందు రాతపూర్వక నోటీసు, కారణాలు, న్యాయాధికారి వద్ద అప్పీలు ఉండాలి. ఫొటోలు, పేర్లు మీడియాకు ఇవ్వడం వెంటనే ఆపాలి.

3. ప్రతి షీటుకూ ముగింపు తేదీ ఉండాలి. ఆ తేదీ దాటితే దానంతట అదే మూతపడాలి. పొడిగించాలంటే ఆ కాలంలో కొత్తగా దోషిగా తేలిన తీర్పు చూపాలి.

4. 1962 నాటి అలవాటు నేరస్థుల చట్టాన్ని రెండు రాష్ట్రాలూ రద్దు చేయాలి. ఒకప్పుడు నేరస్థ తెగలుగా ముద్రపడిన విముక్త జాతుల వారి మీద ఉన్న షీట్లను, స్టేషన్ బయటి సభ్యుడు కూడా ఉన్న కమిటీ చేత ముందుగా సమీక్షించాలి.

5. ఫెర్రి దగ్గర నేర్చుకోవలసింది నేర్చుకోవాలి. ప్రతి జిల్లాలో చాలినంత మంది ప్రొబేషన్ అధికారులను నియమించి, ఇరవై ఒక్క ఏళ్ల లోపు నిందితుల కేసుల్లో వారి నివేదిక కోర్టుకు సకాలంలో అందేలా చూడాలి. ఆ నివేదికను శిక్ష తగ్గించడానికీ సంస్కరణకూ తప్ప షీటు తెరవడానికి వాడరాదని చట్టంలోనే రాయాలి.

6. ఎస్ఐ శిక్షణలో ఈ రెండు సంప్రదాయాలను పరీక్ష కోసం కంఠస్థం చేయించే పేర్లుగా కాకుండా, స్టువర్టుపురం చరిత్రతో, పై అంచనా లెక్కతో కలిపి బోధించాలి.

వచ్చే శాసనసభ సమావేశాల్లో మొదటి అంశంపై ప్రభుత్వం తన వైఖరిని రాతపూర్వకంగా సభ ముందు ఉంచాలని, రెండో అంశంలోని ఫొటోల నిలుపుదలకు చట్టం కోసం ఎదురుచూడకుండా ఉత్తర్వు ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత న్యాయశాస్త్ర అధ్యాపకుడు